రెండోజాము పాలు

పసిపిల్ల ఎనిమిదింటికి పడుకుంటుంది. తల్లి పనులన్నీ తెముల్చుకుని పదకొండింటికి పక్క మీదికి చేరుతుంది. ఇలా నడుం వాల్చి కన్ను అంటుకునేలోపు పిల్ల ఆకలంటూ లేస్తుంది. బిడ్డని కన్న ప్రతి ఆడదానికీ ఈ లెక్క తెలుసు. పాపం, పిల్ల తప్పేమీ లేదు. తన మొదటి నిద్ర తను నాలుగున్నర గంటలు హాయిగా పోయింది. ఆ నాలుగున్నర గంటల్లో మూడు గంటలు తల్లి మెలకువగా ఉంది, అంతే.

దీనికి ఈమధ్య పిల్లల తల్లులందరూ చెప్పుకుంటున్న ఉపాయం డ్రీమ్ ఫీడ్. తల్లి తను పడుకోబోయే ముందు, పదిన్నర పదకొండు ప్రాంతంలో, నిద్రపోతున్న బిడ్డని మెల్లిగా ఎత్తుకుని, పూర్తిగా లేపకుండానే పాలు ఇచ్చి మళ్ళీ పడుకోబెట్టడం. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో పనిచేసిన ట్రేసీ హాగ్ అనే నర్సు 2001లో రాసిన పుస్తకంతో ఈ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మన పాత లెక్కలో రాత్రికి నాలుగు జాములు, ఒక్కోటి మూడు గంటలు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా రెండోజాము. ఈ పాలు పడేది సరిగ్గా అందులోనే కాబట్టి నేను దీన్ని రెండోజాము పాలు అంటాను. పలకడానికి బాగుంటుంది, వేళ కూడా గుర్తుంటుంది.

ఈ ఉపాయం మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "నిద్రపోయే బిడ్డని లేపడమేంటి, అరిష్టం" అనేవాళ్ళు ఒకవైపు. "ఇలా చేస్తే పిల్ల తెల్లారేదాకా లేవదు" అనేవాళ్ళు ఇంకోవైపు. నా అభిప్రాయం ఈ రెంటికీ మధ్యలో లేదు, కాస్త పక్కన ఉంది. రెండోజాము పాలు బిడ్డ నిద్రని పెంచవు. బిడ్డ నిద్రలోని పెద్ద ముక్కని తల్లి పడుకునే వేళకి జరుపుతాయి. జరపడం వేరు, పెంచడం వేరు. ఈ తేడా తెలిస్తే ఎవరు చెయ్యాలో, ఎవరికి అక్కర్లేదో మనకే తెలిసిపోతుంది.

మా అక్క కూతురు పోయినేడు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు ఈ సంగతి మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. పాపకి పది వారాలు. నెలలు నిండి పుట్టింది, బరువు బాగా పెరుగుతోంది, తల్లిపాలే తాగుతోంది. "పిన్నీ, పదిన్నరకి లేపి పాలిస్తే మంచిదంటున్నారు, లేపమంటావా?" అని అది నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అక్క "నిద్రపోయే పిల్లని లేపుతావుటే? నీకేమైనా మతిపోయిందా?" అని అందుకుంది. ముందు నాలుగు రోజులు ఏమీ చెయ్యకుండా వేళలు రాయమన్నాను. తలగడ పక్కన చిన్న నోటుబుక్కు, పెన్సిలు. పిల్ల పడుకున్న వేళ, లేచిన వేళ, తల్లి పడుకున్న వేళ. అంతే, ఇంకేం రాయక్కర్లేదు.

నాలుగు రోజులకి తేలింది ఇది. పాప ఎనిమిదింటికి పడుకుని పన్నెండున్నర ప్రాంతంలో లేస్తోంది. మళ్ళీ మూడున్నరకి, మళ్ళీ అయిదూ ముప్పావుకి. పాలిచ్చి, త్రేన్పు తెప్పించి, జోకొట్టి పడుకోబెట్టేసరికి ప్రతిసారీ నలభై నిమిషాలు. పిల్ల తల్లి పడుకునేది పదకొండింటికి. అంటే ఆ అమ్మాయికి దక్కిన నిద్ర మొదట గంటన్నర, తర్వాత రెండు గంటల ఇరవై నిమిషాలు, ఆ తర్వాత గంటా ముప్పై అయిదు నిమిషాలు. అన్నీ కలిపితే అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు. మొత్తం కంటే, ముక్కలు చూడండి. ఒక్క ముక్క కూడా రెండున్నర గంటలు లేదు. బాలింతకి కళ్ళు మండేది, చిన్నమాటకే ఏడుపొచ్చేది ఇందుకే.

అయిదోరోజు నుంచి పదీ నలభైకి పాలివ్వడం మొదలుపెట్టింది. మొదటి రాత్రి ఏ తేడా లేదు, పాప పన్నెండూ నలభైకి లేచి కూర్చుంది. "చూశావా, చెప్పానా" అంది మా అక్క. రెండోరాత్రి ఒకటీ పదికి లేచింది. నాలుగో రాత్రి నుంచి ఇంచుమించు రెండున్నరకి కుదురుకుంది. ఆ తర్వాత లేచేది అయిదూ ముప్పావుకే, అదేమీ మారలేదు. ఇప్పుడు తల్లి లెక్క చూడండి. పదకొండూ అయిదుకి పడుకుంటే రెండున్నర దాకా మూడు గంటల ఇరవై నిమిషాల పైన. పాలిచ్చి మూడూ అయిదుకి పడుకుంటే అయిదూ ముప్పావు దాకా ఇంకో రెండు గంటల నలభై నిమిషాలు. మొత్తం మీద పెరిగింది నలభై నిమిషాలే. కానీ మూడుసార్లు లేవాల్సింది రెండుసార్లయింది, పెద్ద ముక్క ఒక గంట పెరిగింది. మనిషిని నిలబెట్టేది ఆ ఒక్క గంటే.

మరి పాప సంగతి? అంతకుముందు రాత్రి మూడుసార్లు పాలు తాగింది, ఇప్పుడూ మూడుసార్లే తాగుతోంది. అప్పుడూ ఎనిమిదింటికే పడుకుంది, ఇప్పుడూ అంతే. దాని నిద్రలో పెరిగిందేమీ లేదు, తగ్గిందీ లేదు. పన్నెండున్నరకి తాగాల్సిన పాలు పదీ నలభైకి, నిద్దట్లో తాగేసింది. అంతకుమించి ఏ మాయా జరగలేదు.

పది వారాల పిల్ల ఎలాగూ రోజురోజుకీ నిద్ర పెంచుకుంటుంది కదా, ఇది పాల వల్లే అని ఎలా తెలుస్తుంది? ఇది అడగాల్సిన ప్రశ్నే. తెలుసుకునే దారి కూడా తేలికే. వారం తర్వాత మూడు రాత్రులు ఆ పాలు మానేసి చూడాలి. మా అమ్మాయి మానేస్తే పాప మళ్ళీ పన్నెండూ ముప్పావు, ఒంటిగంట ప్రాంతంలో లేవడం మొదలుపెట్టింది. అంటే ఆ జరుగుబాటు పాల వల్లే. ఒకవేళ మానేసినా రెండింటికే లేచి ఉంటే, పిల్ల తనంతట తనే పెద్దదైందన్నమాట, ఇక మనం లేపే పని లేదు. ఈ మూడు రాత్రుల పరీక్ష చెయ్యకుండా నెలల తరబడి పదిన్నరకి లేచి కూర్చునే తల్లులు చాలామంది ఉంటారు.

ఇక పరిశోధన మాట. ఈ విషయంలో ఎక్కువమంది చూపించేది అమెరికాలో తెరెసా పినీయా, లియాన్ బర్చ్ అనే ఇద్దరు చేసి 1993లో పిల్లల వైద్య పత్రికలో వేసిన అధ్యయనం. తొలిచూలు బిడ్డలు, తల్లిపాలు తాగే పిల్లలు, మొత్తం 26 మంది. కొందరి తల్లిదండ్రులకి ఒక పద్ధతి నేర్పారు, తక్కినవాళ్ళని వాళ్ళ మానాన వదిలేశారు. పద్ధతి నేర్చుకున్నవాళ్ళ పిల్లలందరూ ఎనిమిది వారాలకల్లా రాత్రి పన్నెండు నుంచి అయిదు దాకా ఏకధాటిగా పడుకున్నారు. రెండో గుంపులో అలా పడుకున్నది నూటికి 23 మంది. ఈ సంఖ్య చూసే అందరూ డ్రీమ్ ఫీడ్‌కి జేజేలు కొడతారు.

కానీ వాళ్ళు నేర్పిన పద్ధతిలో మూడు సంగతులున్నాయి. పది నుంచి పన్నెండు మధ్యలో ఒకసారి పాలివ్వడం మొదటిది. పగటికీ రాత్రికీ వెలుతురులో, సందడిలో బాగా తేడా చూపించడం రెండోది. అర్ధరాత్రి లేచినప్పుడు వెంటనే పాలివ్వకుండా, పక్క తడిసిందేమో చూసి మార్చడం, మళ్ళీ గుడ్డ చుట్టడం, కాసేపు ఎత్తుకు తిప్పడం లాంటివి చేస్తూ పాలకీ పాలకీ మధ్య ఎడం కొద్దికొద్దిగా పెంచడం మూడోది. మూడూ కలిపి చేసినదాంట్లో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. మనవాళ్ళు మొదటిదొక్కటి పట్టుకుని మిగతా రెండూ వదిలేసి, ఫలితం మాత్రం మూడింటిదీ కావాలంటారు.

అందులోనే నాకు నచ్చిన ఇంకో మాట ఉంది. రెండు గుంపుల పిల్లలూ రోజు మొత్తం మీద తాగిన పాలు సమానమే. రాత్రి తగ్గించినవాళ్ళు తెల్లవారుజామున ఎక్కువ తాగి సరిపెట్టుకున్నారు. అంటే అక్కడ కూడా జరిగింది జరపడమే. బిడ్డ పొట్టకి తన లెక్క తనకుంది. మనం వేళ మార్చగలం గానీ లెక్క మార్చలేం. "రాత్రికి కాస్త చిక్కగా ఏదైనా పెడితే తెల్లారేదాకా లేవదు" అని పెద్దవాళ్ళు ఇచ్చే సలహా అందుకే పనికిరాదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దని డాక్టర్లు చెబుతున్నారు, నిద్ర పేరు చెప్పి దాన్ని తప్పకూడదు.

ఇప్పుడు చేసే తీరు. వేళ ముఖ్యం. చివరిసారి పాలిచ్చి రెండు రెండున్నర గంటలు అయి ఉండాలి, తల్లి ఆ వెంటనే పడుకోవడానికి సిద్ధంగా ఉండాలి. పదిన్నరకి పాలిచ్చి, పన్నెండింటి దాకా ఫోను చూస్తూ కూర్చుంటే సంపాదించిందంతా అక్కడే పోతుంది. పెద్దలైటు వెయ్యకూడదు, చిన్న బెడ్‌లైటు చాలు. మాటలు వద్దు, ముద్దులు వద్దు. డైపరు బాగా బరువెక్కినా, దొడ్డికి వెళ్ళినా పాలకి ముందే మార్చాలి. పాలు తాగి మత్తులో ఉన్నప్పుడు కాళ్ళు పైకెత్తితే తాగిందంతా కక్కుతుంది, పైగా పూర్తిగా లేస్తుంది.

పిల్లని ఎత్తుకునే ముందు ఒక్క నిమిషం ముఖం చూడండి. కనురెప్పలు అదురుతూ, పెదాలు చప్పరిస్తూ, ఊపిరి ఒకసారి వడిగా ఒకసారి నెమ్మదిగా ఆడుతుంటే అది పైపై నిద్ర. అప్పుడు చనుమొన కింది పెదవికి తగిలిస్తే నోరు తనే తెరుస్తుంది. చెయ్యి పైకెత్తి వదిలితే గుడ్డపేలికలా పడిపోతోందా, ఊపిరి ఒకే తీరున సాగుతోందా, అయితే అది గాఢనిద్ర. అప్పుడు ఎంత తగిలించినా తాగదు. నోట్లో కుక్కే ప్రయత్నం చెయ్యకండి, పది పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడండి. అప్పటికీ తాగకపోతే ఆ రాత్రికి వదిలెయ్యండి. తలవైపు కాస్త ఎత్తుగా ఉండేలా ఒళ్ళో పట్టుకునే ఇవ్వాలి. తర్వాత భుజాన వేసుకుని అయిదు నిమిషాలు వీపు రాయండి. నిద్దట్లో తాగే పిల్ల నెమ్మదిగా తాగుతుంది, గాలి తక్కువ మింగుతుంది. ఒక్కోసారి త్రేన్పు రాకపోయినా ఫరవాలేదు. పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే.

సీసాపాలు పట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పడుకున్న పిల్ల నోట్లో సీసా పెట్టి దానికి దిండు ఆనించి వెళ్ళిపోవడం చాలా ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉగ్గుగిన్నెతో గానీ చెంచాతో గానీ అయితే ఈ పని అసలు చెయ్యనేకూడదు. ఉగ్గుగిన్నె మెలకువగా ఉన్న బిడ్డకే. రొమ్ము దగ్గర బిడ్డ తనే లాక్కుంటుంది, తనకి చాలగానే ఆపేస్తుంది. ఉగ్గుగిన్నెలో పాలు మనం పోస్తాం, నిద్రలో ఉన్న గొంతు వాటిని ఆపుకోలేదు.

వయసుకీ హద్దులున్నాయి. మొదటి రెండు మూడు వారాల్లో, పుట్టినప్పటి బరువు మళ్ళీ చేరేదాకా, రెండు మూడు గంటలకోసారి లేపి పాలివ్వమని డాక్టర్లు చెబుతారు. అది బరువు కోసం, పసిరికలు తగ్గడం కోసం. నిద్ర ఉపాయంతో దానికి సంబంధం లేదు. నెలలు తక్కువ పిల్లలకీ, బరువు తక్కువ పిల్లలకీ డాక్టరు చెప్పిన వేళలే వేళలు. రెండోజాము పాలు పనికొచ్చేది ఇంచుమించు ఆరేడు వారాల నుంచి, మొదటి నిద్ర నాలుగు గంటలకి సాగినప్పటి నుంచి. నాలుగైదు నెలలు వచ్చేసరికి పిల్ల చాలాసార్లు తనే దీనికి స్వస్తి చెబుతుంది. ఎత్తుకోగానే కళ్ళు తెరిచి నవ్వడం, కబుర్లు మొదలుపెట్టడం, ఆ తర్వాత గంటసేపు పడుకోకపోవడం, లేదా పాలు తాగినా పన్నెండున్నరకి మళ్ళీ లేవడం. ఈ గుర్తులు వరసగా మూడు నాలుగు రాత్రులు కనిపిస్తే ఆపెయ్యాలి. ఒక్కసారిగా మానడానికి మనసొప్పకపోతే రోజుకి రెండేసి నిమిషాలు తగ్గిస్తూ పొండి.

ఏ పిల్లల దగ్గర పనిచెయ్యదో కూడా చెప్పాలి. మా పక్కింటివాళ్ళ మనవడికి ఏడో నెల. గంటకోసారి, గంటంబావుకోసారి లేస్తాడు. వాడికి కూడా పదిన్నర పాలు మొదలుపెట్టారు. అన్ని మెలకువలకి తోడు ఇంకో మెలకువ చేరింది, అంతే. ఆ వయసులో గంట గంటకీ లేచే పిల్ల సాధారణంగా ఆకలితో లేవదు. పసివాళ్ళ నిద్ర ఇంచుమించు గంటకో చుట్టు తిరుగుతుంది. చుట్టు చివర కాస్త కదులుతారు. ఒళ్ళో ఊపితేనో, నోట్లో చన్ను ఉంటేనో పడుకునే అలవాటైనవాళ్ళు కదిలినప్పుడల్లా దాన్నే వెతుక్కుంటారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఆకలితో లేచిన బిడ్డ గుటకలు వినబడేలా దీక్షగా తాగుతుంది, ఆ తర్వాత మూడు గంటలు అడగదు. అలవాటుతో లేచిన బిడ్డ రెండు నిమిషాలు చప్పరించి పడుకుంటుంది. మొదటిదానికి రెండోజాము పాలు మందు. రెండోదానికి కాదు. జలుబు, చెవినొప్పి, పళ్ళు రావడం లాంటివైతే అసలే కాదు.

ఇంతవరకూ చెప్పింది ఉపాయం సంగతి. నేను రాయాలనుకున్న అసలు మాట ఇప్పుడు వస్తోంది.

ఈ ఉపాయం పుట్టిన ఇళ్ళలో పిల్ల ఏడింటికి తన గదిలో పడుకుంటుంది. తల్లిదండ్రులు ఏడింటికే భోజనం కానిచ్చి, పదిన్నరకి పడుకోబోతూ పిల్ల గదిలోకి వెళతారు. మన ఇళ్ళు అలా ఉండవు. చాలా ఇళ్ళలో పసిపిల్ల పడుకునేదే తొమ్మిదిన్నర పదింటికి. తండ్రి వచ్చేసరికి తొమ్మిది, వచ్చి కాసేపు ఆడించాలి. హాల్లో ట్యూబులైటు, టీవీలో సీరియలు, అందరి ఒళ్ళలోకీ మారుతుంది. అలాంటి ఇంట్లో పది గంటలకి ఇచ్చే పాలే రెండోజాము పాలు. పదికి పాలు తాగి పడుకున్న పిల్లని పదకొండింటికి మళ్ళీ లేపడంలో అర్థమే లేదు, పొట్టలో చోటుండొద్దూ? అక్కడ చెయ్యాల్సింది ఏడున్నరకల్లా ఆ లైటూ టీవీ తగ్గించడం. పరిశోధనలో చెప్పిన రెండో సంగతి అదే, దానికి ఖర్చు కూడా లేదు.

పిల్ల ఎనిమిదింటికే పడుకునే ఇల్లయితే ఇంకో ప్రశ్న వేస్తాను. తల్లి పదకొండింటి దాకా ఎందుకు మేలుకుని ఉంది?

మళ్ళీ మా అక్క కూతురి నోటుబుక్కే తియ్యండి. పిల్లతోపాటు ఎనిమిదిన్నరకి తనూ పడుకుందనుకుందాం, ఏ పాలూ ముందుకి జరపలేదనుకుందాం. ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నాలుగు గంటలు. ఆ తర్వాత ఎలాగూ రెండు గంటల ఇరవై, గంటా ముప్పై అయిదు. మొత్తం దగ్గర దగ్గర ఎనిమిది గంటలు. రెండోజాము పాలతో వచ్చింది ఆరు గంటలు చిల్లర, పెద్ద ముక్క మూడు గంటల ఇరవై. ఏ ఉపాయమూ లేకుండా, పిల్లని కదపకుండా, పెందలాడే పడుకోవడంతో వచ్చింది నాలుగు గంటల ముక్క. లెక్క మా అక్కకి చూపించాను. కాసేపు చూసి, "అయితే అన్నాలు ఏడున్నరకే పెట్టేస్తాను" అంది. నాకు కావలసిందీ ఆ మాటే.

అందుకే ఎనిమిదిన్నరకి పడుకుని, పదిన్నరకి అలారం పెట్టుకుని లేచి పాలిచ్చే తల్లుల్ని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. వాళ్ళు ఉన్న నాలుగు గంటల ముక్కని చేజేతులా రెండుగా విరుచుకుంటున్నారు. ఈ ఉపాయం మేలుకుని ఉన్న తల్లికే. పడుకున్న తల్లి దానికోసం లేవకూడదు.

కానీ ఎనిమిదిన్నరకి పడుకోవడం అందరికీ చెల్లుతుందా? పుట్టింట్లో చెల్లుతుంది. అత్తింట్లో పిల్లని పడుకోబెట్టి బయటికి రాకపోతే "ఇంకా రాలేదేం?" అనే ప్రశ్న ఉంటుంది. మగవాళ్ళ భోజనాలయ్యేసరికి తొమ్మిదిన్నర, ఆ తర్వాత గిన్నెలు, వంటగట్టు తుడవడం, పొద్దుటికి పప్పు నానబెట్టడం. ఆ పదకొండు గంటలు తల్లికి దేవుడు రాసిపెట్టినవి కావు, ఇల్లు రాసిపెట్టినవి. ఒక్కో ఇంట్లో వాటిని మార్చడం కంటే పిల్ల పాలవేళ మార్చడం తేలిక, ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే రెండోజాము పాలు వద్దని నేననను. మార్చగలిగిన ఇల్లు ముందు భోజనాల వేళ మార్చి చూడాలంటాను.

మా అమ్మాయి రెండూ చేసింది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ చాలా రాత్రులు ఏడున్నరకి తిని పాపతోపాటే పడుకుంది. నాలుగో నెలలో హైదరాబాదు వెళ్ళింది. అక్కడ భర్త ఆఫీసు నుంచి వచ్చేసరికి పది, ఇద్దరే మనుషులు, పనులయ్యేసరికి పదకొండు. అక్కడ రెండోజాము పాలు అక్కరకొచ్చాయి. పాపని ఎత్తి తెచ్చివ్వడం, తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించి పడుకోబెట్టడం భర్త పని. అది పాలిచ్చి అటే ఒరిగి పడుకునేది. అయిదో నెలలో ఒక వారం పాప పదిన్నరకి కళ్ళు తెరిచి నాన్న మీసాలు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మూడు రాత్రులు చూసి మానేశారు. మానేసినా అది రెండింటి దాకా లేవలేదు.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. బాలింత నిద్ర సంగతిలో మన ఇళ్ళు ఆ సామెతని మరీ గట్టిగా పట్టుకున్నాయి. చాప మీదైనా, గంటైనా పడుకుంటుందిలే అనుకుంటాయి. మీ ఇంట్లో కోడలో కూతురో పసిపిల్లతో ఉంటే, పదిన్నరకి పిల్లని లేపాలా వద్దా అన్న వాదనకి ముందు నాలుగు రోజులు వేళలు రాయించండి. పిల్ల పేరున ఒక వరస, తల్లి పేరున ఒక వరస. పిల్ల వరసలో దిద్దాల్సింది పెద్దగా ఉండదు. రెండో వరస చూసి, ఆ రాత్రి గిన్నెలు ఎవరు తోముతారో తేల్చుకోండి.